మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప దగ్గర నొప్పి: మెట్లు మానేయాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, బరువు 71 కిలోలు. హైస్కూల్లో టీచర్‌ని. జూన్‌లో బడి తెరిచినప్పుడు నా క్లాసులు రెండో అంతస్తుకు మార్చారు. రోజుకు ఐదుసార్లు ఎక్కి దిగుతున్నాను. ఇల్లు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. రెండు నెలలుగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ. బస్సులో చాలాసేపు కూర్చుని లేస్తే పట్టేస్తోంది, మడిస్తే కటకట చప్పుడు. దెబ్బ తగల్లేదు, వాపు లేదు. ఎక్స్‌రే చూసి గుజ్జు కొంచెం అరిగిందన్నారు. కాల్షియం, గుజ్జు మాత్రలు వాడుతున్నాను. మెట్లు పూర్తిగా మానేయమని అందరూ అంటున్నారు. ఆపరేషన్ దాకా వెళ్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే వేసవి సెలవుల్లో అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కుతానని మొక్కుకున్నాను. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: టీచర్ గారూ, ముందు ఆపరేషన్ భయం పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలు ఆపరేషన్ అవసరమయ్యే మోకాలివి కావు. చిప్ప వెనుక భాగానికి, దాని కింద ఉండే తొడ ఎముకకు మధ్య ఒత్తిడి పెరిగి వచ్చే నొప్పి ఇది. మెట్లు దిగుతుంటే, ఎక్కువసేపు మోకాలు మడిచి కూర్చుంటే, గొంతుకూర్చుని లేస్తుంటే బయటపడుతుంది. మీ వయసులో దీనికి తోడుగా ఎక్స్‌రేలో కొంచెం అరుగుదల కనిపించడం మామూలే. ఆ రెండిట్లో ఏది ఎంత అన్నది ఉత్తరం చదివి తేల్చలేను. మోకాలిని చేత్తో పట్టి చూడాలి. అయితే మొదటి మూడు నెలలు చేయాల్సిన పని రెండిటికీ ఒకటే కాబట్టి, అది ఇప్పుడే చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట జూన్. లెక్క వేసి చూడండి. అంతస్తుకు 20 మెట్లు అనుకుంటే బడిలో ఒక్కసారి ఎక్కడానికి 40. ఐదుసార్లకు 200. ఇంటి దగ్గర రోజుకు మూడుసార్లు అనుకుంటే ఇంకో 60. మొత్తం 260 మెట్లు ఎక్కడం, అన్నే దిగడం. వేసవి సెలవుల్లో ఇందులో నాలుగో వంతు కూడా ఉండి ఉండదు. ఒక్కసారిగా పెరిగిన ఈ పనికి మీ తొడ కండరం సిద్ధంగా లేదు. నొప్పి పుట్టింది అక్కడ. అరుగుదల అంతకుముందూ ఉండే ఉంటుంది, అప్పుడు నొప్పి లేదు కదా.

అసలు మెట్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. మోకాలు మడిచి బరువు మోపినప్పుడు తొడ ముందు కండరం గట్టిగా బిగుసుకుని, చిప్పను వెనక్కి ఎముక మీదికి నొక్కుతుంది. ఎంత ఎక్కువ మడిస్తే అంత నొక్కుడు. చదునైన నేల మీద నడిచేటప్పుడు చిప్ప కింద పడే ఒత్తిడి మన బరువు అంత కూడా ఉండదు. మెట్ల దగ్గర అది సుమారు మూడు రెట్లు అవుతుంది, అంటే మీ విషయంలో 200 కిలోల పైమాటే. గొంతుకూర్చుంటే అంతకు రెట్టింపు దాటుతుంది. దిగేటప్పుడు నొప్పి ఎక్కువ కావడానికీ కారణం ఉంది. ఒంటికాలి మీద ఒళ్లు మొత్తాన్నీ మెల్లగా కిందికి దించుతూ ఆ కండరం బ్రేకులా పనిచేయాలి. బ్రేకు బలహీనంగా ఉంటే ప్రతి మెట్టూ ఒక చిన్న కుదుపు. ఆ కుదుపులు చిప్ప కిందే పడతాయి.

"గుజ్జు అరిగింది" అనే మాట చాలామందిని మంచానికి కట్టేస్తోంది, అందుకే దీని గురించి కొంచెం చెప్పాలి. గుజ్జు ఎక్స్‌రేలో కనిపించదు. ఎముకల మధ్య ఖాళీ తగ్గిందా అని చూసి అంచనా వేస్తారు. ఖాళీ తగ్గినా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. గుజ్జుకు నరాలు ఉండవు, నొప్పి దాని కిందున్న ఎముక నుంచి, చుట్టూ ఉన్న పొర నుంచి, కొవ్వు మెత్త నుంచి వస్తుంది. పైగా గుజ్జుకు రక్తనాళాలు కూడా లేవు. కీలు కదిలి, నొక్కుడు పడి, వదిలినప్పుడే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కాలు కదపకుండా కూర్చోవడం గుజ్జును కాపాడటం కాదు. నొప్పి లేని కటకట చప్పుడుకి కూడా భయపడొద్దు. చప్పుడు వచ్చినంత మాత్రాన అరుగుతోందని కాదు.

అందుకే మెట్లు పూర్తిగా మానేయమనే సలహా నాకు నచ్చదు. మానేస్తే నెలలో నొప్పి తగ్గుతుంది, దాంతో పాటు తొడ ఇంకా సన్నబడుతుంది. మళ్లీ ఎక్కిన రోజు నొప్పి ముందుకంటే తొందరగా వస్తుంది. కొన్నాళ్లు తగ్గించండి, ఈలోగా కాలికి బలం పెంచండి, తర్వాత మెట్లను మెల్లగా పెంచుకోండి.

మొదటి ఆరు వారాలు 260 మెట్లను 120కి దించడం సాధ్యమే. బడిలో ఉదయం ఒకసారి, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి ఎక్కితే 80. ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూమ్‌కి దిగకుండా పైనే కాపీలు దిద్దుకోండి. మంచినీళ్ల సీసా పైనే ఉంచుకోండి. ఇంటికి రెండుసార్లు, 40. కూరగాయలకోసారి, పాలకోసారి అని విడిగా దిగకండి. హెడ్మాస్టర్ గారిని అడిగి మీ పీరియడ్లు వరుసగా వచ్చేలా టైమ్ టేబుల్ సర్దించుకోగలిగితే ఇంకా తేలిక. ఆరు వారాలకే కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

ఎక్కే తీరు కూడా మార్చాలి. చీర కట్టుకున్నవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది: ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుంటారు, ఇంకో చేతిలో బ్యాగో కాపీల కట్టో ఉంటుంది. రెయిలింగ్ పట్టుకోవడానికి చెయ్యే మిగలదు. బ్యాగు వీపుకు తగిలించుకునేది వాడండి, కాపీలు పిల్లలతో పంపండి. రెయిలింగ్ మీద చెయ్యి వేసి నిజంగా బరువు ఆనించండి. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఉంచి, నడుము వంచకుండా తుంటి దగ్గర కొంచెం ముందుకు వాలండి. అప్పుడు పిరుదు కండరం కొంత పని పంచుకుని చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. నొప్పి బాగా ఉన్న రోజు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలుపుకుంటూ వెళ్లండి. ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు, అంటే నొప్పి ఉన్న కాలు. అలా చేస్తే ఒంటిని ఎత్తే పని, దించే పని రెండూ బాగున్న కాలే చేస్తుంది. హీల్స్ వేసుకునే అలవాటుంటే ఇప్పుడు వద్దు.

మెట్లు తగ్గించి మిగతా రోజంతా నేల మీద కూర్చుంటే లాభం ఉండదు. ఈ ఆరు వారాలు పూజ కుర్చీలో కూర్చుని చేసుకోండి, కత్తిపీట బదులు బల్ల మీద చాకు వాడండి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే దాని మీద పెట్టుకునే స్టాండు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. కూర్చున్న చోట అరగంటకోసారి కాలు చాపి నాలుగైదుసార్లు ఆడించండి. బస్సులో ముందు సీటు కింద కాలు చాపుకోగలిగే చోటు చూసుకోండి.

ఇక బలం సంగతి. వ్యాయామాల చిట్టా పెద్దది ఇవ్వను. నాలుగు చాలు, కానీ వాటిని సరిగ్గా చేయాలి.

మొదటిది తొడ బిగింపు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని కుడి మోకాలి కింద చిన్న టవల్ చుట్ట పెట్టండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కుతూ తొడ ముందు భాగం బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. శ్వాస బిగపట్టొద్దు. ఇలా పదిసార్లు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. నిద్రపోయిన కండరాన్ని లేపడానికి మాత్రమే ఇది. చాలామంది నెలల తరబడి ఇదొక్కటే చేసి "ఎక్సర్‌సైజులు చేశాను, ఏం తగ్గలేదు" అంటారు. రెండు వారాల తర్వాత దీనితో పని తక్కువ.

రెండోది తుంటి పక్క కండరానికి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము పక్కకు జారకుండా పట్టేది అదే. అది బలహీనమైతే మెట్టు దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలి, చిప్ప ఒక పక్కే ఒరుసుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కుడి కాలు నిటారుగా ఉంచి, ఒంటి వరుస కంటే కాస్త వెనక్కి పెట్టండి. బొటనవేలు పైకి కాకుండా ముందుకు చూడాలి. అక్కడి నుంచి జానెడు పైకి లేపి మెల్లగా దించండి. పదిసార్లు, కాస్త ఆగి మళ్లీ పదిసార్లు. అలసట తుంటి పక్కన తెలియాలి. తొడ ముందు తెలిస్తే కాలు ముందుకు వచ్చేసిందన్నమాట.

మూడోది కుర్చీలోంచి లేవడం. అన్నిటికంటే నాకు నమ్మకమైనది ఇదే. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద ఒక దిండు వేయండి. ఎత్తు పెరిగితే మోకాలు తక్కువ మడుస్తుంది. పాదాలు రెండూ నేల మీద, మధ్యలో కొంచెం ఎడం. ముందుకు వంగి రెండు అంకెల్లో లేవండి, నాలుగు అంకెల్లో కూర్చోండి. అసలు వ్యాయామం కూర్చోవడంలోనే ఉంది. చివర్లో దబ్బున పడిపోతే మీ బ్రేకు పనిచేయాల్సిన చోటే దాన్ని వదిలేసినట్టు. ఎనిమిదిసార్లు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది. ఇది రోజు విడిచి రోజు చేయాలి, కండరం కోలుకోవడానికి మధ్యలో రోజు కావాలి. పన్నెండుసార్ల చొప్పున మూడు విడతలు తేలిగ్గా అయిపోతున్నాయంటే దిండు తీసేయండి. అదీ తేలికయ్యాక ఎడమ పాదం కొంచెం ముందుకు జరిపి, బరువు ఎక్కువగా కుడి కాలి మీదికి తెచ్చి లేవండి.

నాలుగోది ఆరో వారం దగ్గర మొదలుపెట్టాలి, అదే మెట్టు. నాలుగంగుళాల ఎత్తున్న గట్టి పీట, కదలనిది, గోడ పక్కన వేసుకోండి. దాని మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ మెల్లగా ముందు నేలకు తాకించి, బరువు దానిమీద వేయకుండా మళ్లీ పైకి రండి. కుడి మోకాలు రెండో కాలివేలి వైపే చూడాలి, బొటనవేలి లోపలికి వాలకూడదు. మనకు మనం చూసుకుంటే తెలియదు. ఇంట్లోవాళ్లతో ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి. వాలుతుంటే ఎత్తు తగ్గించండి. ఆరేసి చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టి, పదేసి మూడు విడతలకు వచ్చాక మామూలు మెట్టు మీద చేయండి.

ఎంత నొప్పి వస్తే ఆపాలని అందరూ అడుగుతారు. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి. చేసేటప్పుడు మూడు వరకు పర్వాలేదు. మర్నాడు ఉదయానికి నొప్పి ఎప్పటి స్థాయికి వచ్చేయాలి. రాకపోతే, లేదా మోకాలు ఉబ్బితే, నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. వ్యాయామం మానకండి, తర్వాతి సారి విడతల్లో ఒకటి తగ్గించండి. వాపు గుర్తించడానికి కాళ్లు చాపి రెండు మోకాళ్లనూ పక్కపక్కన చూడండి. చిప్పకు అటూ ఇటూ ఉండే చిన్న గుంటలు కుడి వైపు పూడిపోయి ఉంటే లోపల నీరు చేరినట్టే. ఆ రోజు వ్యాయామం వద్దు. బట్టలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టండి. కీలులో నీరు ఉన్నంతసేపూ తొడ కండరం సరిగ్గా బిగుసుకోదు.

మార్పు మూడు నాలుగు వారాలకు మొదలవుతుంది, నమ్మదగిన బలం రావడానికి పన్నెండు వారాలు పడుతుంది. ఏడో వారం నుంచి మెట్లు వారానికి 20, 30 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. బరువు నాలుగైదు కిలోలు తగ్గగలిగితే ఇదంతా సులువవుతుంది. ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని, మోకాలి అరుగుదల ఉన్న బరువైన మనుషుల మీద చేసిన పరిశోధనలో తేలింది.

మాత్రల మాట క్లుప్తంగా. కాల్షియం ఎముకకు సంబంధించినది, గుజ్జును పెంచదు. మీకు ఎముకల బలహీనత ఉందని డాక్టర్ ఇస్తే వాడండి, మోకాలి నొప్పి కోసమైతే అక్కర్లేదు. గుజ్జు మాత్రల వల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడటం లేదని చాలా వైద్య మార్గదర్శకాలు వాటిని సూచించడం మానేశాయి. ఆ ఖర్చు మిగుల్చుకోండి. నొప్పి బాగా ఉన్న రోజుల్లో డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా రాసుకోవచ్చు. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగడం మాత్రం వద్దు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. మోకాలికి తొడిగే నీక్యాప్ బడిలో మెట్ల దగ్గర హాయిగా అనిపిస్తే వేసుకోండి, రాత్రి తీసేయండి.

అలిపిరి సంగతికి వస్తే, ఆ దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. వేసవి సెలవులకు ఇంకా ఆరు నెలలకు పైగా ఉంది కాబట్టి కుదురుతుందనే అనుకుంటున్నాను, కాకపోతే ఒక షరతు. బయలుదేరే నెల ముందు నాటికి నాలుగంతస్తులు, అంటే 80 మెట్లు, ఆగకుండా ఎక్కి, కాసేపు ఆగి మళ్లీ ఎక్కి, ఇలా ఆరేడుసార్లు చేయగలగాలి. నొప్పి మూడు దాటకూడదు, మర్నాటికి వాపు ఉండకూడదు. ఆ పరీక్షలో మధ్యలో దిగడానికి లిఫ్టు ఉన్న భవనం చూసుకోండి. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే కదా అని అటు వెళ్లకండి. అది పొట్టి దారి, కానీ నిటారు. అలిపిరి దారిలో మధ్యమధ్య చదును నడక వస్తుంది, మోకాలికి ఊపిరి దొరుకుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి తొందర లేకుండా వెళ్లండి. మోకాళ్ల పర్వతం దగ్గర కొందరు మోకాళ్ల మీద ఎక్కుతారు, మీరు పాదాల మీదే ఎక్కండి. కిందికి మాత్రం తప్పనిసరిగా బస్సులోనే రండి. మొక్కు ఎక్కడానికే కదా. ఆ పరీక్ష దాటలేకపోతే ఇంకో ఏడాదికి వాయిదా వేసుకోండి.

ఇప్పుడు చెప్పబోయేవి కనిపిస్తే పైన రాసినవన్నీ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, జ్వరమో చలో వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. అది రోజుల్లో కీలును పాడు చేస్తుంది, షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒక పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదీ ఆ రోజే చూపించాలి. దాంతో ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. కింద పడ్డాకో, కాలు మెలిక పడ్డాకో నాలుగడుగులు వేయలేకపోయినా, గంటల్లో మోకాలు ఉబ్బినా ఎముక గానీ లిగమెంటు గానీ దెబ్బతిని ఉండవచ్చు.

ఇవి కాక, వారం లోపు చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, నడుస్తుంటే పుటుక్కున మడత పడి పడబోవడం, ఏ కదలికా లేకుండా రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం. ఉదయం లేచాక అరగంట దాటినా పట్టు వదలకపోవడం, చేతివేళ్ల కీళ్లు కూడా వాచడం ఉంటే అది వాతానికి సంబంధించిన జబ్బు కావచ్చు, రక్త పరీక్షలు కావాలి. గజ్జలో నొప్పి ఉండి, చెప్పు పట్టీ పెట్టుకోవడానికి కాలు తిప్పలేకపోతుంటే తప్పు తుంటి కీలులో ఉండి నొప్పి మోకాలిలో తెలుస్తూ ఉండవచ్చు. నడుము నుంచి కాలి కిందికి తిమ్మిరి, పాదం బలహీనత ఉంటే వెన్ను చూపించాలి.

ఇవేవీ లేకపోయినా, ఆరు వారాలు శ్రద్ధగా చేశాక నొప్పి మార్కు ఒక్కటి కూడా తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు గానీ ఫిజియోథెరపిస్ట్‌కు గానీ చూపించుకోండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే, మీరు వాడుతున్న మందుల చీటీ, ఆ పీట మీద దిగుతున్న వీడియో వెంట తీసుకెళ్లండి.